ముక్కూ మొహం తెలియని ప్రొఫెసర్‌కి మొదటి మెయిల్: సబ్జెక్ట్ లైన్, తొలి వాక్యం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి ఇంటర్న్‌షిప్ కోసం బీటెక్ మూడో ఏడాది పిల్లలు ఐఐటీల్లోనూ విదేశాల్లోనూ ఉన్న ప్రొఫెసర్లకు మెయిళ్ళు పెడుతుంటారు. ఆ మొదటి మెయిల్ గురించి నన్ను తరచుగా అడిగే ప్రశ్నలివి. రెజ్యూమె, కవర్ లెటర్ జోలికి పోవడం లేదు. పైన ఉండే సబ్జెక్ట్ లైన్, లోపల మొదటి ఒకటి రెండు వాక్యాలు, అంతవరకే. ఆ మెయిళ్ళు రాసేది ఇంగ్లీషులోనే కాబట్టి నమూనాలు కూడా ఇంగ్లీషులోనే ఇచ్చాను.

నా మెయిల్ ప్రొఫెసర్‌కి మొదట ఎలా కనిపిస్తుంది?

మీరు టైప్ చేస్తున్నప్పుడు మీ ముందు పేజీ మొత్తం ఉంటుంది. అవతల ఇన్‌బాక్స్‌లో దానికి దక్కేది ఒక్క వరస. అందులో మూడే ముక్కలుంటాయి: పంపినవారి పేరు, సబ్జెక్ట్, ఆ తర్వాత మెయిల్ లోపలి మొదటి కొన్ని మాటలు. జీమెయిల్‌లో ఈ మూడో ముక్క సబ్జెక్ట్ పక్కనో కిందో లేత రంగులో కనిపిస్తుంది. అవుట్‌లుక్‌లోనూ ఇంచుమించు ఇంతే. ఇది చాలామంది గమనించరు. సబ్జెక్ట్ మీద గంటసేపు కుస్తీ పడతారు, లోపల మాత్రం "రెస్పెక్టెడ్ సర్, ఐ హోప్ దిస్ మెయిల్ ఫైండ్స్ యూ వెల్" అని మొదలుపెడతారు. దాంతో ఉచితంగా దొరికిన ఆ చోటంతా కుశలప్రశ్నకే సరిపోతుంది.

అందుకే ఈ మూడింటినీ విడివిడిగా కాకుండా ఒకే వరసగా ఆలోచించి రాయండి. సబ్జెక్ట్‌లో చెప్పింది మొదటి వాక్యంలో మళ్ళీ చెప్పక్కర్లేదు, అక్కడినుంచి ముందుకు వెళ్ళాలి.

పంపినవారి పేరు కూడా పట్టించుకోవాలా? అది దానంతటదే వస్తుంది కదా?

వస్తుంది. కానీ ఇంటర్‌లో సరదాకి తెరిచిన ఖాతా అయితే ఏ హీరో పేరో, పుట్టిన సంవత్సరమో అందులో కనిపిస్తుంది. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీ ఉంటే దాంతోనే పంపండి. కాకపోతే కాలేజీ ఖాతాల్లో పేరు బదులు రోల్ నంబర్ కనిపించడం మామూలే. జీమెయిల్‌లో అయితే `Settings` లోకి వెళ్ళి, `Accounts and Import` కింద `Send mail as` దగ్గర `edit info` నొక్కితే పేరు మార్చుకోవచ్చు. కాలేజీ ఖాతాలో అడ్మిన్ ఆ సౌకర్యం తీసేసి ఉంటే చేసేదేమీ లేదు, అప్పుడు పద్ధతైన పేరుతో ఉన్న సొంత ఖాతా నయం.

మన పేర్లతో ఇంకో చిక్కుంది. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, మధ్యలో రెండు మూడు ఇనీషియల్స్. సర్టిఫికెట్‌లో ఉన్నట్టే పెడితే విదేశీ ప్రొఫెసర్ ఇంటిపేరునే అసలు పేరనుకుని దాంతోనే పిలుస్తారు. మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలో ఆ పేరు ముందు వచ్చేలా పెట్టండి. మెయిల్ చివర సంతకంలోనూ అదే వరస ఉండాలి.

సబ్జెక్ట్ లైన్ ఎంత పొడవుండాలి?

కంప్యూటర్‌లో అరవై డెబ్బై అక్షరాల దాకా కనిపించవచ్చు. ఫోన్‌లో ముప్ఫై, నలభై దాటితే చాలాసార్లు చుక్కలు పడతాయి. ఫోను, స్క్రీను, ఫాంట్ సైజును బట్టి ఇది మారుతుంది కాబట్టి ఖచ్చితమైన లెక్క పెట్టుకోకండి. మొత్తం యాభై అక్షరాల దగ్గర ఆపండి, అసలు విషయం మొదటి ముప్ఫైలో వచ్చేలా చూసుకోండి.

ఇంకో సంగతి. బయటినుంచి వచ్చే మెయిళ్ళ సబ్జెక్ట్ ముందు చాలా యూనివర్సిటీల సర్వర్లు `[EXTERNAL]` అని ముద్ర వేస్తాయి. పదకొండు అక్షరాలు అక్కడే పోతాయి. మీ ఇన్‌బాక్స్‌లో అది మీకు కనపడదు, కాబట్టి పోతున్నట్టు కూడా తెలియదు. ఎక్కువమంది పెట్టే ఈ సబ్జెక్ట్ చూడండి:

```
Application for Summer Research Internship under your esteemed guidance
```

ముద్ర పడ్డాక ఫోన్‌లో ఇందులో మిగిలేది "అప్లికేషన్ ఫర్ సమ్మర్", మహా అయితే ఇంకో పదం. శీతాకాలం వచ్చిందంటే ప్రొఫెసర్ల ఇన్‌బాక్స్‌లో అచ్చంగా ఇవే మాటలతో మొదలయ్యే వరసలు బోలెడు.

మరి సబ్జెక్ట్‌లో ఏం రాయాలి? ఒక ఉదాహరణతో చెప్పండి.

నల్లగొండ దగ్గర సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతున్న అమ్మాయి ఒకరున్నారనుకుందాం. ఆ జిల్లా నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. తాగునీటిలో లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. ఆమె మినీ ప్రాజెక్ట్ కింద చుట్టుపక్కల ఊళ్ళలో 24 బోర్ల నీళ్ళు తెచ్చి, కాలేజీ ల్యాబ్‌లో ఫ్లోరైడ్, ఆల్కలినిటీ రెండూ కొలిచింది. తొమ్మిదింటిలో ఫ్లోరైడ్ 1.5 దాటింది. ఆల్కలినిటీ కూడా బాగా ఎక్కువగా వచ్చింది.

ఆమె రాయదలచిన ప్రొఫెసర్ యాక్టివేటెడ్ అల్యూమినాతో ఫ్లోరైడ్ తీసేయడం మీద పనిచేస్తారు. ఈ అల్యూమినా కాస్త ఆమ్లగుణం ఉన్న నీటిలో, పీహెచ్ 5, 6 మధ్య, బాగా పనిచేస్తుంది. ఆల్కలినిటీకి ముఖ్య కారణమైన బైకార్బొనేట్ నీటిలో ఎక్కువై పీహెచ్ పెరిగేకొద్దీ ఫ్లోరైడ్‌ను పట్టుకునే శక్తి తగ్గుతుంది. అంటే ఆమె దగ్గరున్న లెక్కలు నేరుగా ఆ ప్రొఫెసర్ పనికి తగులుతున్నాయి. ఇక్కడే సబ్జెక్ట్ దొరికింది:

```
Fluoride in 24 Nalgonda wells: summer internship?
```

మొత్తం 49 అక్షరాలు. మొదటి 29 అక్షరాల్లోనే విషయం, అంకె, ఊరు వచ్చేశాయి. అడుగుతున్నదేమిటో తర్వాత ఉంది. ఫోన్‌లో చివర తెగినా ఫ్లోరైడ్ మీద పనిచేసే మనిషి కన్ను ఆగడానికి ముందు భాగం చాలు. అదే వరస తిప్పి ఇంటర్న్‌షిప్ అన్న మాట ముందు పెడితే, తెగిపోయేది నల్లగొండ బోర్ల సంగతి.

ఈ సబ్జెక్ట్ ఇంకెవరూ పెట్టలేరు, గమనించారా? మీ సబ్జెక్ట్‌ని ఇలాగే పరీక్షించుకోండి. పక్క బెంచీ వాడు ఒక్క అక్షరం మార్చకుండా అదే సబ్జెక్ట్‌తో తన మెయిల్ పంపుకోగలడంటే అది ఇంకా తయారవలేదన్నమాట.

ఇంటర్న్‌షిప్ అన్న మాట కనపడగానే డిలీట్ చేస్తారేమో. దాచేస్తే?

దాచకండి. "క్వెరీ అబౌట్ యువర్ పేపర్" అని పెట్టి, లోపల మూడో పేరాలో ఇంటర్న్‌షిప్ అడిగితే, ఆయన ఆ పేపర్ గురించి ఆలోచించడం మొదలుపెట్టాక మోసపోయినట్టు అనిపిస్తుంది. ఆ మాట చూసి డిలీట్ చేసేవారు ఎలాగూ చేస్తారు. వాళ్ళ దగ్గర సీటు లేకనో, పోర్టల్ ద్వారానే తీసుకుంటారు కాబట్టో అలా చేస్తుంటారు. అలాంటివారి దగ్గర దాచి సాధించేది లేదు. నిజంగా పేపర్ గురించే సందేహం ఉంటే అది వేరే మెయిల్, అందులో ఇంటర్న్‌షిప్ ఊసే ఎత్తకండి. దానికి జవాబొస్తే ఆ తర్వాత అడగడం ఎంతో సులువు.

సీజీపీఏ, కాలేజీ పేరు సబ్జెక్ట్‌లో పెడితే బరువు పెరుగుతుందా?

సీజీపీఏ వద్దు. 9.4 ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు, ఏ కాలేజీ 9.4 ఎంతో ఆయనకు తెలియదు. కాలేజీ పేరు మొదటి పేరాలో ఒకసారి చెబితే చాలు.

అర్జెంట్ అని, లేదా `Re:` అని పెడితే తెరుస్తారంటున్నారు, నిజమేనా?

తెరుస్తారు. తెరిచి, ఇంతకుముందు మనమెప్పుడూ మాట్లాడుకోలేదని చూసి, మూసేస్తారు. అంతా పెద్దక్షరాల్లో రాయడం, ఆశ్చర్యార్థకాలు, ఎమోజీలు కూడా ఇదే కోవ.

సంబోధన ఎలా ఉండాలి? "రెస్పెక్టెడ్ సర్" తప్పా?

మన దేశంలో తప్పేమీ కాదు, ఎవరూ నొచ్చుకోరు. ఇబ్బందల్లా ఏమిటంటే అందులో పేరు లేదు. పేరు లేని సంబోధన చూడగానే ఇది వందమందికి వెళ్ళిన మెయిల్ అనిపిస్తుంది. పైగా ఆ ప్రొఫెసర్ ఆవిడ అయితే "సర్" అన్న మాటతోనే కథ ముగుస్తుంది. "సర్ ఆర్ మేడమ్" అని రాయడం ఇంకా ఘోరం, పేజీ తెరిచి చూడలేదని మీరే చెప్పినట్టు.

డిపార్ట్‌మెంట్ పేజీలో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా చూసి "డియర్ ప్రొఫెసర్" తర్వాత ఇంటిపేరు రాయండి. తెలుగు, తమిళ ప్రొఫెసర్ల దగ్గర ఏది ఇంటిపేరో తేలకపోతే పేరు మొత్తం రాసేయండి, ఏ గొడవా ఉండదు. పేరు చూసి ఆడా మగా తేలకపోయినా ప్రొఫెసర్ అన్న మాట రెంటికీ సరిపోతుంది. బయటి దేశాలవాళ్ళని మొదటి మెయిల్‌లోనే పేరు పెట్టి పిలవకండి. జవాబులో వాళ్ళు కింద తమ మొదటి పేరు ఒక్కటే రాస్తే, అలా పిలవొచ్చని సైగ చేసినట్టు.

"మీరు క్షేమమని తలుస్తాను" లాంటి వాక్యం తీసేస్తే మర్యాద తగ్గదా?

మనకి ఉత్తరం అనగానే కుశలం అడగాలన్న అలవాటు బలంగా ఉంది, అందుకే ఈ వాక్యం తీసేయమంటే చాలామందికి మనసొప్పదు. నా లెక్కలో అవతలివారి సమయం తినకపోవడమే ఇక్కడ మర్యాద. అయినా ఉంచాలనిపిస్తే చివర్లో, కృతజ్ఞతల పక్కన పెట్టుకోండి. మొదటి వాక్యం స్థానం మాత్రం దానికి ఇవ్వకండి. అలాగే "మైసెల్ఫ్ ఫలానా" అని మొదలుపెట్టడం కూడా మానేయండి. ఇంగ్లీషులో అది తప్పు వాక్యం, పైగా మీ పేరు పక్కనే కనిపిస్తోంది.

మొదటి వాక్యం ఎలా రాయాలో చూపించండి.

మన నల్లగొండ అమ్మాయి మొదటి ప్రయత్నంలో ఇలా రాసిందనుకుందాం: తాను ఫలానా కాలేజీలో మూడో ఏడాది చదువుతున్నానని, ప్రొఫెసర్ గారి పరిశోధన చూసి ఎంతో స్ఫూర్తి పొందానని, నీటి శుద్ధి అంటే చిన్నప్పటినుంచీ ఆసక్తి అని. మూడు వాక్యాలూ తప్పు లేనివే. కానీ నీటి శుద్ధి అన్నచోట బ్యాటరీలు అని మార్చి ఇంకో ప్రొఫెసర్‌కి పంపినా అతుకుతాయి. 24 బోర్ల సంగతి రెండో పేరా చివర్లో, అటాచ్‌మెంట్ చూడమంటూ వచ్చింది.

తిరగరాస్తే ఇలా వస్తుంది:

```
Your alumina column study used low-alkalinity water.
The 24 wells I tested near Nalgonda average 420 mg/L alkalinity,
and 9 of them exceed 1.5 mg/L fluoride.
```

మొదటి వాక్యంలో ఆయన పని ఉంది, అదీ పేపర్ శీర్షిక చూసి కాకుండా ప్రయోగ విధానం దాకా చదివితేనే తెలిసే ముక్క. రెండోదానిలో ఆమె పని ఉంది. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీయే ఆమె అడగబోయే ప్రశ్న. అదేమిటో చదివేవారికి అప్పటికే తట్టేస్తుంది. ఆ వెంటనే తానెవరో, ఏం కావాలో చెప్పాలి:

```
I am a third-year civil engineering student. Could I work
on this question in your lab from May to July?
```

పరిచయం మూడో వాక్యంలోకి జరిగింది, అయినా లోటేమీ అనిపించదు. అడగడం కూడా "ఏదైనా అవకాశం ఉంటే దయచేసి పరిశీలించగలరు" అని నీళ్ళు నమలకుండా, అవునో కాదో చెప్పగలిగేలా ఉంది. ఏ నెల నుంచి ఏ నెల వరకో కూడా తెలుస్తోంది.

ఇందులో ఒక ప్రమాదముంది. "మీ పేపర్‌లో ఫలానా నీరు వాడారు" అన్నది నిజం కాకపోతే మొత్తం కూలిపోతుంది. అబ్‌స్ట్రాక్ట్ చదివి ఊహించి రాయకండి, మెథడ్స్ భాగంలో ఆ వాక్యం వేలు పెట్టి చూపించగలగాలి. పేపర్‌లో పరిమితుల గురించి వాళ్ళే రాసుకున్న పేరా ఉంటే అదీ చూడండి. మీరు కనిపెట్టాననుకున్నది వాళ్ళు అప్పటికే ఒప్పుకుని ఉంటే, "మీరే చెప్పినట్టు" అని కలపడం మంచిది. తప్పు పట్టినట్టు ధ్వనించకూడదు. పై నమూనాలో ఆ నీరు వాడటం తప్పని ఎక్కడా అనలేదు చూడండి, ఉన్న సంగతి చెప్పి ఊరుకుంది.

కాస్త పొగిడితే మంచిది కాదా?

చదివానని చూపించడమే పొగడ్త. "యువర్ ఎస్టీమ్డ్ గైడెన్స్", "గ్రౌండ్‌బ్రేకింగ్ వర్క్" లాంటివి వాళ్ళు రోజూ చూస్తారు.

నా దగ్గర 24 బోర్లు లేవు. చెప్పుకోదగ్గ ప్రాజెక్టే లేదు. ఏం రాయను?

నిజం చెప్పాలంటే ఎక్కువమంది పరిస్థితి ఇదే. అలాంటప్పుడు సబ్జెక్ట్‌ని ఎంత చెక్కినా లాభం లేదు, రాసే ముందు ఒక వారం పని చేయాలి. ప్రొఫెసర్ పేపర్‌లలో ఒకదాన్ని తీసుకుని, అందులో ఒక బొమ్మో పట్టికో మీరు మళ్ళీ రాబట్టగలరేమో చూడండి. కంప్యూటర్ మీద జరిగే పనులకు డేటా, కోడ్ బయట పెట్టి ఉంటే ఇది సాధ్యమే. "మీ మూడో బొమ్మని మళ్ళీ గీసి చూశాను, చివరి రెండు బిందువులు నాకు కుదరలేదు" అన్న వాక్యంతో మొదలైన మెయిల్‌ని ఏ ప్రొఫెసరూ అంత తేలిగ్గా పక్కన పెట్టలేరు. సబ్జెక్ట్ కూడా అందులోంచే పుడుతుంది.

అదీ కుదరదంటే, చదివిన పేపర్‌లోంచి ఒకే ఒక్క సూటి ప్రశ్న. లేని అనుభవం ఉన్నట్టు మాత్రం మొదటి వాక్యంలో రాయకండి, జవాబులో అడిగే మొదటి ప్రశ్న దాని గురించే ఉంటుంది.

మా హెచ్‌ఓడీ ఆ ప్రొఫెసర్ దగ్గరే పీహెచ్‌డీ చేశారు. ఆ పేరు ఎక్కడ వాడాలి?

ముందు హెచ్‌ఓడీ గారిని అడగండి. ఆయన సరేనంటే మొదటి వాక్యంలోనే రాయండి, ప్రివ్యూలో కనపడేలా. తెలిసిన పేరు కంటపడితే చదవకుండా వదలరు. ఆయన మిమ్మల్ని రాయమన్నారా, లేక మీరే పేరు వాడుకుంటున్నారా అన్నది వాక్యంలో తేటతెల్లంగా ఉండాలి. ప్రొఫెసర్ ఫోన్ తీసి కనుక్కోవడానికి ఒక్క నిమిషం పట్టదు.

ప్రొఫెసర్ పేజీలో మెయిళ్ళ గురించి ఏవో సూచనలున్నాయి. పాటించాలా?

ఇదసలు అన్నిటికంటే ముందు అడగాల్సింది. చాలామంది తమ వెబ్ పేజీలో విద్యార్థుల కోసం ఒక పేరా రాసి, సబ్జెక్ట్‌లో ఫలానా మాట పెట్టమని అడుగుతారు. పేజీ చదివినవారిని ఏరుకోవడానికే అది. అక్కడ ఇచ్చిన మాట ఇచ్చినట్టే పెట్టండి, మీ తెలివి దాని తర్వాత. ఇంటర్న్‌షిప్‌ల కోసం మెయిల్ చేయొద్దని రాసి ఉంటే చేయకండి.

కొన్ని ప్రోగ్రాములకు మెయిల్ అవసరమే లేదు. మన మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే వేసవి ఫెలోషిప్‌కి పోర్టల్‌లోనే దరఖాస్తు పెట్టుకోవాలి. జర్మనీ వెళ్ళడానికి డాడ్ సంస్థ ఇచ్చే వైజ్ స్కాలర్‌షిప్ దీనికి పూర్తిగా వేరు. అక్కడి ప్రొఫెసర్ నుంచి ఆహ్వాన పత్రం మీరే తెచ్చుకోవాలి, కాబట్టి ముందు మెయిల్ రాయక తప్పదు. అలాంటప్పుడు ప్రోగ్రాం పేరు సబ్జెక్ట్ మొదట్లో ఉండటమే మేలు. ఖర్చు తన గ్రాంట్ మీద పడదని ఆయనకి వెంటనే అర్థమవుతుంది:

```
DAAD WISE host request: fluoride removal
```

ఒకే మెయిల్ యాభైమందికి పంపితే ఒకరైనా జవాబివ్వరా?

ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరికి ఒకేలాంటి మెయిల్ వెళ్తే టీ దగ్గర అది బయటపడుతుంది. పైన చెప్పిన పద్ధతిలో రాస్తే ఎలాగూ యాభైమందికి రాయలేరు. నలుగురైదుగురికి రాయండి.

పంపే ముందు చివరిగా ఏం చూసుకోవాలి?

ముందు ఆ మెయిల్‌ని మీ ఇంకో ఖాతాకి పంపుకుని, ఫోన్‌లో తెరవకుండా ఇన్‌బాక్స్ వరస మాత్రం చూడండి. పేరు, సబ్జెక్ట్, ప్రివ్యూ మూడూ కలిపి చదివితే ఎవరో, దేని గురించో తెలియాలి. తర్వాత తెరిచి, ఫోన్‌ని డార్క్ మోడ్‌లో పెట్టి చూడండి. వేరేచోట నుంచి కాపీ చేసిన ముక్కలుంటే వాటి వెనక తెల్లటి పట్టీ కనిపించవచ్చు, లేదా ప్రొఫెసర్ పేరొక్కటే వేరే ఫాంట్‌లో ఉంటుంది. పేరు మార్చి అందరికీ పంపుతున్నారని పట్టించేది అదే. కంప్యూటర్‌లో మామూలు పేస్ట్‌కి బదులు `Ctrl+Shift+V` వాడితే ఈ బెడద ఉండదు.

పది రోజులైంది, జవాబు లేదు. కొత్త సబ్జెక్ట్‌తో మళ్ళీ పంపనా?

వద్దు. పాత మెయిల్‌కే రిప్లై కొట్టండి, సబ్జెక్ట్ ముట్టుకోకండి. జీమెయిల్‌లో సబ్జెక్ట్ మారితే అది వేరే సంభాషణగా విడిపోతుంది, పాతది వెతుక్కునే పని ఆయన మీద పడుతుంది. అలా కాకుండా అదే వరసలో పైకి వస్తే మొదటి మెయిల్ కూడా కిందే ఉంటుంది. ఈసారి ప్రివ్యూలో కనిపించేది మీ కొత్త మొదటి వాక్యం కాబట్టి "జస్ట్ ఎ జెంటిల్ రిమైండర్" అని దాన్ని పాడుచేయకండి. ఈ పది రోజుల్లో కొత్తగా తేలింది ఏదైనా ఉంటే అది రాయండి. మన అమ్మాయి అయితే వానల తర్వాత మళ్ళీ కొలిచిన ఆరు బోర్ల లెక్కలతో మొదలుపెడుతుంది. ఏమీ లేకపోతే మే నుంచి జూలై వరకు వీలవుతుందా అన్న ప్రశ్ననే ఒక్క వాక్యంలో మళ్ళీ అడగండి. దానికీ జవాబు లేకపోతే ఆ వేసవికి ఆ ప్రొఫెసర్‌ని వదిలేసి జాబితాలో తర్వాతి పేరు పేజీ తెరవండి.